334 గుర్తులు, పదకొండు బృందాలు

బ్రిటన్‌లో ఇరవై ఏళ్లు దాటిన మాట. ఒక ప్రశ్నావళి పోస్టులో 115 మందికి వెళ్లింది. మానసిక బాధతో తమ ఊరి డాక్టరు దగ్గరికి వచ్చిన మనిషికి మంచి సేవ అందుతోందా లేదా అన్నది ఏ గుర్తుల్ని బట్టి చెప్పవచ్చో అడిగారు. రెండో విడతకు వచ్చేసరికి ఆ జాబితాలో 334 గుర్తులు ఉన్నాయి. ఒక్కోదానికి 1 నుంచి 9 వరకు మార్కు వేయాలి. కుటుంబ వైద్యులు వాటిలో 138 మాత్రమే సేవను కొలవడానికి పనికొస్తాయన్నారు. మానసిక రోగులను ఇంట్లో కనిపెట్టుకుని ఉండే బంధువులు ఏకంగా 304 పనికొస్తాయన్నారు.

చదివిన ప్రశ్నలు ఒకటే, మార్కుల పద్ధతి ఒకటే. డాక్టర్లు నూటికి 41 ఒప్పుకుంటే, ఇంట్లోవాళ్లు నూటికి 91 ఒప్పుకున్నారు.

మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలోని ప్రాథమిక వైద్య పరిశోధన కేంద్రానికి చెందిన స్టీఫెన్ క్యాంప్‌బెల్, లిండా గ్యాస్క్ వంటివారు షీల్డ్ అనే పరిశోధకురాలితో కలిసి ఈ అధ్యయనం చేశారు. 2003లో దాన్ని అచ్చువేశారు. వాళ్లు వాడిన పద్ధతి పేరు డెల్ఫీ. నిపుణులను ఒక గదిలో కూర్చోబెట్టకుండా, వేరువేరుగా మార్కులు వేయించి, ఆ ఫలితాలను తిరిగి వాళ్లకే చూపించి, మళ్లీ వేయించడం దాని సారం. మానసిక ఆరోగ్య సేవల్లో నాణ్యతా సూచికలు చాలావరకు ఇలాంటి విడతల్లోంచే పుడుతున్నాయి. అందుకే ఆ విడతల్లో ఏం జరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి.

అసలు సూచిక అంటే ఏమిటో ఒక ఉదాహరణతో మొదలుపెడదాం. మానసిక వైద్యశాల నుంచి డిశ్చార్జి అయిన మనిషిని ఏడు రోజుల్లోపు ఊళ్లోని మానసిక ఆరోగ్య బృందం పలకరించిందా? ఇంగ్లండ్‌లో చాలాకాలం అమల్లో ఉన్న లెక్క ఇది. అక్కడ లక్ష్యం 95 శాతం. ఆసుపత్రి గోడల మధ్య నుంచి ఇంటికి వచ్చిన తొలి రోజులు అన్నింటికంటే ప్రమాదకరమైనవనీ, ఆత్మహత్యల ముప్పు అప్పుడే ఎక్కువనీ తెలుసు కాబట్టి ఈ సూచిక వచ్చింది. వినడానికి తేలిక. లెక్క కట్టడానికి కూర్చుంటే మాత్రం చిక్కులు బయటపడతాయి. హారంలో ఎవరిని చేర్చాలి? ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి మారినవాళ్లు డిశ్చార్జి అయినట్టా, కానట్టా? ఈ లోపే చనిపోయినవాళ్లను తీసేయాలా? లవంలో ఏది లెక్కకు వస్తుంది, ఇంటికి వెళ్లి చూడటమేనా, ఫోన్‌లో మాట్లాడినా సరిపోతుందా? ఇంగ్లండ్ లెక్కలో ఫోన్ కూడా సరిపోయేది. ఈ జవాబులన్నీ రాసి పెట్టాకే అది సూచిక అవుతుంది. అప్పటిదాకా అది ఒక మంచి కోరిక మాత్రమే.

షుగరు వ్యాధి సేవను కొలవాలంటే రక్తపరీక్ష ఉంది. మూడు నెలల సగటు చక్కెర ఎంతో అంకెలో తెలుస్తుంది. మానసిక ఆరోగ్యంలో అలాంటి పరీక్ష లేదు. ఆసుపత్రిలో అయితే కనీసం పడకలు, డ్యూటీలో ఉన్న నర్సులు, ఎన్నిరోజులు ఉంచారన్నది లెక్కించవచ్చు. ఊళ్లో అందే సేవ అలా ఒకచోట కుదురుగా దొరకదు. కొంత ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, కొంత రోగి ఇంట్లో, కొంత ఫోన్‌లో, కొంత స్వచ్ఛంద సంస్థ నడిపే పగటి కేంద్రంలో జరుగుతుంది. ఆ మనిషి కుదుటపడటం కూడా ఒక్క మందు మీద ఆధారపడదు. ఉద్యోగం దొరికిందా, ఇంట్లో మాట్లాడేవాళ్లు ఉన్నారా అన్నవాటి మీదా ఆధారపడుతుంది. ఫలితాన్ని సేవ ఖాతాలో ఎంత రాయాలో తేల్చడం కష్టం. గట్టి పరిశోధన ఆధారాలు కొన్నింటికి మాత్రమే ఉన్నాయి. మిగతా చోట్ల అనుభవజ్ఞుల మాటే దిక్కు. అందుకే డెల్ఫీ ఇక్కడికి వచ్చింది.

అది పుట్టిన చోటు మాత్రం ఆసుపత్రి కాదు. 1950ల మొదట్లో అమెరికా వైమానిక దళం కోసం రాండ్ కార్పొరేషన్‌లో నార్మన్ డాల్కీ, ఓలాఫ్ హెల్మర్ ఒక ప్రయోగం చేశారు. అమెరికా ఆయుధాల ఉత్పత్తిని ఫలానా మేరకు దెబ్బతీయాలంటే సోవియట్ వ్యూహకర్త ఎన్ని అణుబాంబులు అవసరమనుకుంటాడు అన్నది ప్రశ్న. ఏడుగురు నిపుణులను ఎంచుకున్నారు. నలుగురు ఆర్థికవేత్తలు, మిగిలిన ముగ్గురు ఇంజినీరింగు, వ్యవస్థల విశ్లేషణ వంటి రంగాలవాళ్లు. ఒకరినొకరు కలవనివ్వకుండా ఐదు విడతలుగా అడిగారు. మొదట్లో వచ్చిన అంచనాలు 50 బాంబుల నుంచి 5,000 బాంబుల దాకా చెల్లాచెదురుగా ఉన్నాయి. చివరికి అవి 167కూ 360కూ మధ్యకు చేరాయి. రక్షణ రహస్యం కాబట్టి ఆ వివరాలు 1963 దాకా బయటికి రాలేదు.

వందరెట్ల తేడా రెండు రెట్లకు తగ్గింది. పద్ధతి ఎందుకు పాకిపోయిందో ఇట్టే అర్థమవుతుంది. అయితే ఆ ఏడుగురూ దగ్గరికి చేరింది నిజానికా, ఒకరికొకరా? అసలు జవాబేమిటో ఎవరికీ తెలియదు కాబట్టి దీన్ని తేల్చే దారి లేదు. ఈ అనుమానం డెల్ఫీని ఇప్పటికీ వదల్లేదు.

ఒకరినొకరు కలవనివ్వకపోవడానికి కారణం మన సమావేశాలు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. జిల్లా స్థాయి మీటింగులో పెద్ద డాక్టరు ఒక మాట అంటే నర్సు ఎదురు చెప్పదు. రోగి తల్లి అసలు నోరు విప్పదు. ఎక్కువసేపు మాట్లాడినవాడిదే తీర్మానం అవుతుంది. కాగితం మీద మాత్రం నర్సు వేసిన 3కూ, ప్రొఫెసరు వేసిన 8కీ ఒకటే బరువు. ఎవరు ఏ మార్కు వేశారో నిర్వాహకులకు తప్ప ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఒక విడత ఎలా నడుస్తుందో చూద్దాం. ఉదాహరణకు తొమ్మిదిమంది ఉన్న ప్యానెల్‌ను ఊహించుకోండి. కింద వచ్చే మార్కులు కేవలం పద్ధతిని వివరించడానికి వేసినవి. మొదటి సూచిక, పైన చెప్పిన ఏడు రోజుల పలకరింపు. తొమ్మిదిమంది వేసిన మార్కులను చిన్నవాటి నుంచి పెద్దవాటికి పేరిస్తే 4, 5, 7, 8, 8, 8, 8, 9, 9. నడిమధ్యన ఉన్నది, అంటే ఐదోది, 8. దీన్నే బడిలో మధ్యగతం అని చెబుతారు. సగటును కాకుండా మధ్యగతాన్ని వాడటానికి కారణం ఉంది. ఒక్కరు మొండిగా 1 వేసినంత మాత్రాన మధ్యగతం పెద్దగా కదలదు.

రెండో సూచిక కొంచెం వివాదాస్పదమైనది అనుకుందాం. వచ్చిన ప్రతిసారీ ప్రతి రోగితోనూ లక్షణాల స్కేలు నింపించాలి అన్నది. మార్కులు 2, 3, 3, 5, 7, 8, 8, 8, 9. మధ్యగతం 7. పైపైన చూస్తే ఇదీ గట్టెక్కినట్టే. కానీ ముగ్గురు 3 లేదా అంతకంటే తక్కువ వేశారు, ఐదుగురు 7 లేదా అంతకంటే ఎక్కువ వేశారు. 1980లలో రాండ్ సంస్థ, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కలిసి తయారుచేసిన నియమం ప్రకారం తొమ్మిదిమందిలో కనీసం ముగ్గురు అడుగున, కనీసం ముగ్గురు పైన ఉంటే అక్కడ ఏకాభిప్రాయం లేనట్టే. మధ్యగతం ఎంత బాగున్నా ఆ సూచికను అంగీకరించినట్టు రాయకూడదు. పరిశోధనా పత్రంలో మధ్యగతం ఒక్కటే ఇచ్చి మార్కుల చెదురు ఇవ్వకపోతే చదివేవాళ్లు ఈ చీలికను ఎప్పటికీ చూడలేరు. ఏ డెల్ఫీ అధ్యయనం చదివినా ముందు వెతకాల్సింది ఆ చెదురునే.

రెండో విడతలో ఒక్కొక్కరికీ వేరే కాగితం వెళ్తుంది. దానిమీద ఎవరి పాత మార్కు వాళ్లకు కనిపిస్తుంది. దాని పక్కన మిగతావాళ్లందరి మార్కులు ఎలా పడ్డాయో ఉంటుంది. బాగా నడిపిన అధ్యయనంలో మూడోది కూడా ఉంటుంది: ఎందుకు ఆ మార్కు వేశారో పేర్లు లేకుండా రాసిన కారణాలు. మొత్తం పద్ధతికి ప్రాణం ఇక్కడుంది. మన ఉదాహరణలో మొదటి సూచికకు 4 వేసిన మనిషి దూరపు మండలంలో పనిచేసే నర్సు అనుకోండి. నగరంలోని ఆసుపత్రి నుంచి డిశ్చార్జి కబురు తమకు అందేసరికే పది రోజులు దాటుతోందని ఆమె రాస్తుంది. ఆసుపత్రి చేసిన ఆలస్యానికి మార్కు పడేది ఊరి బృందానికి. ఈ కారణం చదివాక 8 వేసినవాళ్లు ఆలోచనలో పడాలి. సూచికను రెండుగా విడగొట్టవచ్చు. డిశ్చార్జి కబురు ఒక్కరోజులో ఊరి బృందానికి చేరిందా అన్నది ఆసుపత్రికి, చేరాక వాళ్లు పలకరించారా అన్నది బృందానికి. కారణాలు పంపని అధ్యయనంలో ఇదేమీ జరగదు. తన మార్కు 4 అనీ, అందరిదీ 8 అనీ మాత్రమే ఆమెకు కనిపిస్తుంది. రెండోసారి 6 వేసి ఊరుకుంటుంది. లెక్కల్లో ఏకాభిప్రాయం పెరిగినట్టు కనిపిస్తుంది, చిక్కు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

ఇది ఊహాగానం కాదు. 1970లలో కొందరు పరిశోధకులు కావాలనే తప్పుడు ఫలితాలను పాల్గొన్నవారికి చూపించి చూశారు. సమూహం అనుకుంటున్నది ఇదీ అంటూ అబద్ధపు మార్కులు ఇచ్చారు. తరువాతి విడతలో చాలామంది ఆ అబద్ధం వైపే జరిగారు. రాండ్‌లోనే పనిచేసిన హెరాల్డ్ శాక్‌మన్ 1974లో డెల్ఫీ మీద ఒక కఠినమైన విమర్శ రాసి ఆ సంస్థ నుంచే విడుదల చేశాడు. కాబట్టి రెండో విడతలో మార్కులు దగ్గరపడటం ఒక్కటే చూసి మురిసిపోవడానికి లేదు. మార్కు మార్చుకున్నవాళ్లు ఏం చదివి మార్చుకున్నారో అడగాలి.

ఇక మాంచెస్టర్ అధ్యయనానికి తిరిగివద్దాం. అక్కడ ప్యానెల్ ఒకటి కాదు, పదకొండు. కుటుంబ వైద్యులు, మానసిక వైద్యులు, క్లినికల్ సైకాలజిస్టులు, ఊళ్లలో తిరిగే మానసిక నర్సులు, కౌన్సెలర్లు, ఇతర నర్సులు, సామాజిక కార్యకర్తలు, సేవలకు డబ్బు కేటాయించే అధికారులు, స్వచ్ఛంద సంస్థలవాళ్లు, రోగులు, రోగులను చూసుకునే బంధువులు. ఒక్కో బృందంలో సగటున పదిమంది. అందరినీ ఒకే కుండలో వేసి కలిపేయకుండా బృందాలను విడివిడిగా ఉంచడమే ఆ పరిశోధకులు చేసిన తెలివైన పని. కలిపేసి ఉంటే ఆరోగ్య ఉద్యోగుల సంఖ్యాబలం కింద రోగులు, బంధువులు వేసిన మార్కులు మునిగిపోయేవి. 138కీ 304కూ ఉన్న తేడా ఎవరికీ కనిపించేదే కాదు.

అంగీకార నియమం కూడా కఠినంగా పెట్టారు. మామూలుగా మధ్యగతం 7 ఉంటే చాలంటారు, వీళ్లు 8 లేదా 9 ఉండాలన్నారు. అదీ పదకొండు బృందాలూ విడివిడిగా ఒప్పుకోవాలి. ఆ జల్లెడలో నిలిచింది 26 శాతం. అంటే 334లో సుమారు 87.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం బయటపడుతుంది. అందరూ ఒప్పుకోవాలన్న నియమంలో ఉమ్మడి జాబితా ఎప్పటికీ అందరికంటే తక్కువ ఒప్పుకున్న బృందం జాబితాను దాటలేదు. కుటుంబ వైద్యులు 138 దగ్గర ఆగారు కాబట్టి మిగతా పదిమంది బృందాలూ ఏకగ్రీవంగా ఉన్నా చివరి అంకె 138 దాటదు. బంధువులు కావాలన్నవాటిలో కనీసం 166 అక్కడే ఆగిపోయాయి. డాక్టర్లు ఒప్పుకున్న 138లో కూడా సుమారు 50ని ఇంకెవరో ఒకరు వద్దన్నారు. ఏకాభిప్రాయం అన్న మాట వినడానికి సమానత్వంలా ఉంటుంది కానీ, ఇలాంటి నియమం కింద చేతిలో వీటో ఉన్నది అందరికంటే బిగువుగా మార్కు వేసే బృందానికే.

డాక్టర్లు ఎందుకంత బిగువుగా వేశారు? అధ్యయనం అంకెలు మాత్రమే ఇస్తుంది, మనసులోని మాట చెప్పదు. అయితే ఆ సూచికల్లో సగానికి పైగా అంశాలు వాళ్ల క్లినిక్కులకు సంబంధించినవే. 21 సేవాంశాల్లో 11 క్లినిక్కులవి, 10 స్థానిక ఆరోగ్య పాలనా సంస్థలవి. రేపు ఎవరైనా ఈ జాబితా పట్టుకుని తనిఖీకి వస్తే గుమ్మంలో నిలబడి జవాబు చెప్పాల్సింది డాక్టరు. బంధువులకు ఆ బెడద లేదు. వాళ్లు రోజూ పడే ఇబ్బందుల్లో ప్రతిదీ ఎవరో ఒకరు లెక్కపెట్టాలని కోరుకుంటారు. వైద్యరంగంలో ఇలాంటి మార్కుల అధ్యయనాల్లో పదేపదే కనిపించిన సంగతి ఒకటుంది: ఒక చికిత్సను స్వయంగా చేసేవాళ్లు, చేయనివాళ్లకంటే దాన్ని ఎక్కువ సమంజసమంటారు. కూర్చున్న చోటును బట్టి మార్కు మారుతుంది. అందుకే ఏ సూచికల జాబితా చూసినా, దాని వెనక ఎంతమంది నిపుణులున్నారన్నదానికంటే ఎవరెవరున్నారన్నది ముందు చూడాలి. పాతికమంది మానసిక వైద్యులు, ఇద్దరు రోగులు ఉన్న ప్యానెల్ ఇచ్చేది మానసిక వైద్యుల జాబితాయే.

నియమం ఎప్పుడు పెట్టారన్నది కూడా అంతే ముఖ్యం. 2014లో డెల్ఫీ అధ్యయనాలు 98 తీసుకుని పరిశీలించిన ఒక సమీక్షలో ఏకాభిప్రాయం అంటే ఏమిటో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పారని తేలింది. ఎక్కువమంది వాడింది శాతం లెక్క, అందులోనూ తరచుగా కనిపించిన గీత 75 దగ్గర ఉంది. కొన్ని అధ్యయనాల్లో ఆ నిర్వచనమే సరిగా లేదు. మార్కులు చేతికి వచ్చాక గీత గీస్తే, నచ్చిన సూచికలన్నీ పైన ఉండేలా దాన్ని కాస్త అటూఇటూ జరపవచ్చు. 70 అంటే ముప్ఫై వస్తాయి, 80 అంటే పన్నెండే వస్తాయి అని ముందే తెలిసిపోతుంది కదా. మొదటి కాగితం పోస్టు చేయకముందే గీత రాసిపెట్టారా అన్నది నిజాయతీకి తొలి పరీక్ష. రెండో పరీక్ష, మొదటి విడతలో ఉన్నవాళ్లలో ఎంతమంది చివరిదాకా ఉన్నారన్నది. విసిగి మానేసేవాళ్లు చాలాసార్లు ఒప్పుకోనివాళ్లే. వాళ్లు వెళ్లిపోతే మిగిలినవాళ్ల మధ్య ఏకాభిప్రాయం దానంతటదే పెరుగుతుంది.

బ్రిటన్ సూచికల్లో చాలావరకు ఆ దేశపు ఏర్పాట్లకు కట్టుబడినవని ఆ పరిశోధకులే ఒప్పుకున్నారు. పద్ధతిని మాత్రం ఇంకెక్కడైనా వాడుకోవచ్చన్నారు. మన దేశం ఉన్న ఒక పెద్ద ప్రయత్నం ఆ తర్వాత జరిగింది. ఎమరాల్డ్ అనే అంతర్జాతీయ కార్యక్రమంలో భాగంగా ఇథియోపియా, భారత్, నేపాల్, నైజీరియా, దక్షిణాఫ్రికా, ఉగాండా దేశాలవాళ్లే ఎక్కువగా ఉన్న 93 మందితో రెండు విడతల డెల్ఫీ నడిపారు. మార్క్ జోర్డాన్స్ తదితరులు 2016లో దాని ఫలితాలు అచ్చువేశారు. మానసిక చికిత్స అవసరమైనవాళ్లలో ఎంతమందికి అది నిజంగా, పనిచేసేలా అందుతోందో కొలిచే సూచికలు వాళ్లకు కావాలి.

ఇక్కడ మొదటి విడత వేరేగా నడిచింది. తయారుచేసిన జాబితా పంపకుండా, ఏం కొలవాలో మీరే చెప్పండని అడిగారు. 876 జవాబులు వచ్చాయి. ఒకే సంగతిని వేరువేరు మాటల్లో చెప్పినవాటిని కలిపితే 52 సూచికలు తేలాయి. రెండో విడతలో ఒక్కోదానికి ప్రాధాన్యం, సందర్భానికి తగినతనం, ఆచరణలో వీలు అనే మూడు కోణాల్లో 1 నుంచి 5 వరకు మార్కులు వేయించారు. వీలు అన్న మూడో కోణం పేద దేశాల అనుభవంలోంచి వచ్చింది. రోజుకు వందమందిని చూసే ఆరోగ్య కేంద్రంలో ఒక్కో రోగికి అదనంగా ఐదు నిమిషాల రాత పని పెట్టే సూచిక ఎంత గొప్పదైనా, నెల తిరిగేసరికి రిజిస్టర్లో ఖాళీ గడులే మిగులుతాయి.

చివరి మార్కులు చూస్తే అట్టడుగున ఉన్న సూచికకు 3.20, అన్నిటికంటే పైనున్నదానికి 4.27. అంటే 52లో ఒక్కటి కూడా సగం కింద పడలేదు! మంచి విషయాల జాబితా ఇచ్చి ముఖ్యమా కాదా అని అడిగితే కాదనడం మనుషులకు కష్టం. బంధువులు 304కు సరేననడంలోనూ ఇది కొంత ఉండవచ్చు. ఇలాంటిచోట గట్టెక్కడానికి ఒక గీత పెట్టుకుంటే అన్నీ గట్టెక్కుతాయి. అందుకే ఎమరాల్డ్ పరిశోధకులు ఆమోదం, తిరస్కారం అనకుండా వరుస పెట్టి, పైనున్న 15 తీసుకున్నారు. పదిహేనోదానికీ పదహారోదానికీ మధ్య గీత గీసింది మార్కులు కావు, మనుషులు. పదిహేనుకు మించి ఏ ఆరోగ్య వ్యవస్థా మోయలేదన్న ఇంగితం దాని వెనక ఉంది. ఆ పైవరుస మాత్రం దేశాన్ని బట్టిగానీ, నిపుణుల రకాన్ని బట్టిగానీ పెద్దగా మారలేదు. మాంచెస్టర్‌లో బృందాల మధ్య కనిపించిన అగాధం ఇక్కడ కనిపించలేదు.

ఎందుకు కనిపించలేదన్నది ఆలోచించాల్సిన ప్రశ్న. రెండు అధ్యయనాలూ అడిగింది ఒకటి కాదన్నది నిజమే. ఒకటి క్లినిక్కులో సేవ ఎలా ఉందని అడిగింది, రెండోది దేశంలో చికిత్స ఎంతమందికి అందుతోందని అడిగింది. అడిగిన మనుషులు కూడా వేరు. మాంచెస్టర్ పద్ధతిలో రోగులనూ బంధువులనూ వేరువేరు బల్లల దగ్గర కూర్చోబెట్టి ఉంటే ఈ ఆరు దేశాల్లోనూ అంతే ఏకాభిప్రాయం వచ్చేదా అన్న అనుమానం ఈ రచయితకు ఉంది.

ఎమరాల్డ్ కథ మార్కుల దగ్గర ఆగలేదు. ఎంచుకున్న సూచికలను ఆరు దేశాల్లోని ఆరోగ్య కేంద్రాల రోజువారీ రికార్డుల్లో పెట్టి, సిబ్బంది వాటిని నింపుతున్నారా, సరిగా నింపుతున్నారా, వాళ్లకు అవి ఉపయోగంగా అనిపిస్తున్నాయా అని చూశారు. ఆ అనుభవం 2019లో వెలువడింది. డెల్ఫీ అధ్యయనాలు చాలా ఈ మెట్టు ఎక్కవు. బల్ల దగ్గర కూర్చుని వీలవుతుందన్నది, క్యూ బయటిదాకా ఉన్న సోమవారం ఉదయం వీలవుతుందా అన్నది వేరే ప్రశ్న. సూచిక అన్నాక ఇంకో రెండు పరీక్షలు కూడా ఉంటాయి. ఒకే రోగి కాగితాలను ఇద్దరు చూసి లెక్కకడితే ఒకే జవాబు రావాలి. సేవ బాగుపడితే అంకె పెరగాలి, పాడైతే తగ్గాలి. అన్ని కేంద్రాల్లోనూ ఎప్పుడూ 98 శాతమే చూపించే సూచికతో ఎవరికీ ఏమీ తెలియదు.

మన నేలకు ఇందులో పాత చుట్టరికమే ఉంది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని కేంద్ర ప్రభుత్వం 1996లో నాలుగు జిల్లాలతో మొదలుపెట్టినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి ఎంపికైంది మెదక్. అంతకు దశాబ్దం ముందు బెంగళూరులోని నిమ్‌హాన్స్ కర్ణాటకలోని బళ్లారి జిల్లాలో చేసి చూపిన నమూనాను అది అనుసరించింది. జిల్లా ఆసుపత్రిలో ఒక బృందం, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు శిక్షణ, మందుల సరఫరా. ఇప్పుడది దేశంలోని చాలా జిల్లాలకు విస్తరించింది. 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో సాధారణ మానసిక రుగ్మతలున్నవాళ్లలో నూటికి 85 మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ సర్వేకు ఎంచుకున్న 12 రాష్ట్రాల్లో తెలుగు రాష్ట్రాలు లేవు.

ఇలాంటి కార్యక్రమంలో పైకి పంపే లెక్క ఏదైనా సహజంగా తేలికగా దొరికేదాని వైపే జారుతుంది: ఎంతమంది వచ్చారు, ఎన్ని శిబిరాలు పెట్టారు, ఎంతమంది సిబ్బందికి శిక్షణ ఇచ్చారు. పనితీరు కొలవడానికి ఇవి అవసరమే. కానీ వచ్చిన మనిషి రెండోసారి వచ్చాడా, ఆరు నెలలు తెగకుండా మందు దొరికిందా, దాని కోసం ఎంత బస్సు చార్జీ పెట్టుకున్నాడు, మళ్లీ పనిలోకి వెళ్లగలుగుతున్నాడా అన్నది ఇందులో పట్టుబడదు. స్కిజోఫ్రీనియా ఉన్న కొడుకును నెలనెలా మందుల కోసం తీసుకొచ్చే తల్లిని మంచి సేవకు గుర్తేమిటని అడిగితే, ఆమె నోట మొదట వచ్చేది వెళ్లిన రోజు మందు ఉండటం, చీటీ రాసి బయట కొనుక్కోమనకపోవడం కావచ్చు. మానసిక వైద్యుడిని అడిగితే రోగనిర్ధారణ సరిగా నమోదైందా అనవచ్చు. జిల్లా అధికారిని అడిగితే నెలాఖరుకు నివేదిక అందిందా అనవచ్చు. ముగ్గురూ తప్పు చెప్పడం లేదు. ముగ్గురినీ ఒకే ప్యానెల్లో కలిపి సగటు తీస్తే మాత్రం, మనవైపు ప్యానెళ్లలో తల్లుల సంఖ్య ఎంత ఉంటుందో తెలిసినవాళ్లకు ఫలితం ముందే తెలిసిపోతుంది.

పోస్టులో పంపే 334 ప్రశ్నల కాగితం ఆ తల్లికి పనికిరాదన్నది ఇంకో చిక్కు. చదువు తక్కువైన చోట 1 నుంచి 9 దాకా మార్కులు వేయమనడం కూడా కష్టమే. ఇలాంటిచోట సూచికను గట్టిగా చదివి వినిపించి, అవసరం, పర్వాలేదు, వద్దు అని మూడే గడులు పెట్టవచ్చు. అయితే మూడు గడులు పెడితే 7కూ 9కీ మధ్య ఉన్న తేడా పోతుంది, రెండో విడతలో మనసు మారిందో లేదో పట్టుకోవడం కష్టమవుతుంది. చదివి వినిపించేది ఆసుపత్రి ఉద్యోగి అయితే, ఆమె ముఖం చూసి జవాబు చెప్పే ప్రమాదం కూడా ఉంది. మార్కు గోప్యంగా ఉండాలన్న డెల్ఫీ మూలసూత్రమే అక్కడ పోతుంది. చదివి వినిపించే పని ఆ ఆసుపత్రితో సంబంధం లేనివాళ్లు చేయాలి.

చివరగా ఏడు రోజుల పలకరింపు ఏమైందో చెప్పాలి. ఆ సూచిక మీద ఇంగ్లండ్‌లో అంగీకారానికి కొదవ లేదు, ఆసుపత్రులు 95 శాతం లక్ష్యాన్ని అందుకోవడానికి అలవాటుపడ్డాయి కూడా. ఇంతలో ఆత్మహత్యల మీద మాంచెస్టర్‌లోనే ఏళ్ల తరబడి నడుస్తున్న జాతీయ విచారణ మరణాలను రోజులవారీగా లెక్కవేసింది. డిశ్చార్జి తర్వాతి మరణాలు ఎక్కువగా రెండో, మూడో రోజుల్లోనే గుమిగూడుతున్నాయని తేలింది. ఆరో రోజున పలకరించినా సూచిక దృష్టిలో అంతా సవ్యమే. ఆ తర్వాత అక్కడి ఆరోగ్య వ్యవస్థ గడువును 72 గంటలకు తగ్గించింది. ఆ మార్పు కోసం ఎవరూ కొత్తగా మార్కులు వేయాల్సిన అవసరం రాలేదు.